ట్రైనింగ్ క్యాంప్‌కి లీవ్ లెటర్: ఆర్డర్‌లో తేదీలు ఒకలా, నా షిఫ్టులు ఇంకోలా ఉన్నాయి

నైట్ షిఫ్ట్ వాలా:
నేను సైనిక రిజర్వ్‌లో ఉన్నాను. ఉద్యోగం ఒక ప్రైవేటు కంపెనీలో, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు. ఆదివారం రాత్రి మొదలై గురువారం రాత్రి షిఫ్టుతో నా వారం అయిపోతుంది. శుక్ర, శని రాత్రులు సెలవు. మొన్న యూనిట్ నుంచి కాల్-అప్ ఆర్డర్ వచ్చింది. జూన్ 8 సోమవారం ఉదయం 10 గంటలకు రిపోర్ట్ చేయాలి, జూన్ 21 ఆదివారం మధ్యాహ్నం 2 గంటలకు వదిలేస్తారు. క్యాంప్ ఉన్న చోటికి బస్సులో ఏడు గంటలు పడుతుంది.

నేను రాసుకున్న లెటర్ ఇది: "సర్, జూన్ 8 నుంచి 21 వరకు 14 రోజులు లీవ్ ఇప్పించగలరని ప్రార్థన. ఆర్డర్ జతపరిచాను." ఇది చాలా? ఆర్డర్ మూడు పేజీలు ఉంది, మొత్తం స్కాన్ చేసి పోర్టల్‌లో ఎక్కించేయనా?

రూల్ రాజా:
ప్రార్థన ఎందుకు బ్రదర్? మిలిటరీ ఆర్డర్ వచ్చాక ఏ కంపెనీ కాదనలేదు, ప్రపంచంలో ఎక్కడైనా ఇదే చట్టం. "వెళ్తున్నాను" అని ఒక్క ముక్క మెయిల్ పెట్టి వెళ్లిపో. జీతం కూడా పూర్తిగా ఇవ్వాల్సిందే.

క్యాడెట్ తండ్రి:
మా అబ్బాయికీ ఇదే సమస్యండి. కాలేజీ క్యాడెట్ క్యాంప్‌కి పది రోజులు వెళ్లొచ్చాడు, అటెండెన్స్ తగ్గించేశారు. ప్రిన్సిపాల్‌కి ఎలా రాయాలో ఎవరైనా చెప్తారా?

పాత క్లర్క్:
క్యాడెట్ తండ్రి గారూ, మీది వేరే విషయం. అక్కడ కాలేజీ ఆఫీసర్ ఇచ్చే సర్టిఫికెట్‌తో పని జరుగుతుంది. విడిగా అడగండి, ఇక్కడ కలిపితే రెండూ చెడతాయి.

నైట్ షిఫ్ట్ తమ్ముడూ, నేను యూనిట్ ఆఫీసులో ఇలాంటి ఆర్డర్లు టైప్ చేసి పంపినవాడిని. నీ లెటర్‌లో మర్యాద బాగానే ఉంది, తప్పు తేదీల్లో ఉంది. ఆర్డర్‌లో రాసేది క్యాంప్ గేటు దగ్గర నువ్వు ఉండాల్సిన సమయం. నీకు లీవ్ కావాల్సింది పనికి రాలేని సమయానికి. పగటి ఉద్యోగికి ఈ రెండూ ఇంచుమించు ఒకటే. నీకు కాదు.

7వ తేదీ ఆదివారం రాత్రి షిఫ్టు చూడు. అది 8వ తేదీ ఉదయం 6కి అయిపోతుంది. పదింటికి రిపోర్టింగ్, దారి ఏడు గంటలు. నువ్వు రాసిన లెటర్ ప్రకారం 7 రాత్రి డ్యూటీలో ఉండాలి. లేవు కాబట్టి ఆబ్సెంట్ పడుతుంది. ఆర్డర్ చూపించి గొడవ పడదామంటే అందులో 8 అనే ఉంటుంది, తప్పు నీదే అంటారు.

వెనక్కి వచ్చేటప్పుడూ అంతే. 21 మధ్యాహ్నం 2కి వదిలితే, బస్సు వెంటనే దొరికినా ఇల్లు చేరేసరికి రాత్రి 9. పదింటికి షిఫ్టు. సామాను అప్పగించి, సంతకాలు పెట్టి బయటపడేసరికి రెండు కాస్తా మూడున్నర అవ్వడం నేను ఎన్నోసార్లు చూశాను.

పేరోల్ మేడమ్:
క్లర్క్ గారు చెప్పినదానికి మా వైపు నుంచి ఒక మాట. చాలా చోట్ల రాత్రి షిఫ్టుని అది మొదలైన తేదీతోనే లెక్కిస్తారు. మీ కంపెనీలో ఏ తేదీ వేస్తారో పాత హాజరు పట్టీలో ఒకసారి చూసుకోండి. మొదలైన తేదీ అయితే మీకు కావాల్సినవి ఇవి: 7, 8, 9, 10, 11 రాత్రులు, తర్వాత 14, 15, 16, 17, 18, చివరగా 21 రాత్రి. మొత్తం 11 షిఫ్టులు. మీరు రాసిన 8–21కి సిస్టమ్ 10 షిఫ్టులే తీసుకుంటుంది. 14 అనే అంకె అసలు ఎక్కడా రాదు, ఎందుకంటే మధ్యలో నాలుగు రాత్రులు మీకు వారపు సెలవే.

అందుకే లెటర్‌లో "14 రోజులు" అని రాయకండి. లెటర్‌లో 14, ఆర్డర్‌లో 8–21, సిస్టమ్‌లో 11 కనిపిస్తే, అప్రూవ్ చేసేవాళ్లు అక్కడే ఆపేసి వెనక్కి పంపుతారు. షిఫ్టుల పేర్లు రాయండి, లెక్క వాళ్లే చూసుకుంటారు.

ఇంకోటి. పోర్టల్‌లో ఏ రకం లీవ్ ఎంచుకుంటారో అది ముఖ్యం. మామూలు ఎర్న్‌డ్ లీవ్ కింద పెట్టేస్తే అప్రూవ్ అయి నెల జీతంతో పాటు లెక్క ముగిసిపోతుంది. తర్వాత దాన్ని మిలిటరీ లీవ్‌గా మార్చాలంటే మాకు పాత నెల తెరవాల్సి వస్తుంది, అందరికీ టెన్షన్. ఆ ఆప్షన్ కనిపించకపోతే ముందు హెచ్ఆర్‌ని మెయిల్‌లో అడగండి.

రూల్ రాజా:
అంటే నేను చెప్పింది తప్పా?

పాత క్లర్క్:
సగం ఒప్పు రాజా గారూ. అమెరికాలో 1994 నాటి USERRA చట్టం ప్రకారం రిజర్విస్ట్ యజమాని అనుమతి అడగక్కర్లేదు, ముందుగా తెలియజేస్తే చాలు, నోటిమాటగా చెప్పినా చెల్లుతుంది. సొంత లీవ్ వాడుకోమని కంపెనీ బలవంతం చేయకూడదు. కానీ ఆ చట్టం కూడా ప్రైవేటు కంపెనీని ఆ రోజులకి జీతం ఇవ్వమని చెప్పదు. భారతదేశంలో 1948 టెరిటోరియల్ ఆర్మీ చట్టం సైనిక సేవ ముగించి వచ్చినవాణ్ని తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవడం యజమాని బాధ్యత అంటుంది. రెండూ ఒకే మాట కాదు కదా. ఎక్కడైనా ఇదే చట్టం అని రాసేస్తే ఎవరో ఒకరు నమ్మి ఉద్యోగం మీదకి తెచ్చుకుంటారు.

లెటర్‌లో మాట ఎలా ఉండాలంటే, ఉత్తర్వు వచ్చిందని తెలియజేయాలి, లీవ్ నమోదు చేయమని అడగాలి. "ఇప్పించగలరని ప్రార్థన" అంటే ఇవ్వకపోయినా ఫర్వాలేదన్న అర్థం వస్తుంది. "వెళ్తున్నాను" అని మాత్రమే అంటే పేరోల్ మేడమ్ లాంటివాళ్లకి ఏం చేయాలో తెలియదు.

ఇక ఆర్డర్ సంగతి. మూడు పేజీలూ ఎక్కించకు. రెండో పేజీలోనో మూడో పేజీలోనో మిగతావాళ్ల పేర్ల పట్టీ ఉంటుంది చూడు, నంబర్లతో సహా. అది నీ కంపెనీకి ఇచ్చే హక్కు నీకు లేదు. ముందు యూనిట్ ఆఫీసుకి ఫోన్ చేసి, యజమానికి ఇవ్వడానికి విడిగా లెటర్ ఇస్తారా అని అడుగు. చాలా యూనిట్లు ఇస్తాయి. అందులో నీ పేరు, తేదీలు, జారీ చేసిన అధికారి సంతకం ఉంటాయి, అంతే. ఆర్డర్ మీద బయటికి ఇవ్వకూడదన్న ముద్ర ఉంటే ఇక వేరే దారే లేదు, ఆ లెటరే కావాలి.

నైట్ షిఫ్ట్ వాలా:
మీరన్నట్టే మూడో పేజీలో పట్టీ ఉంది అన్నా, చూసుకోనేలేదు. బయటికి ఇవ్వకూడదన్న ముద్రైతే లేదు. యూనిట్‌లో విడి లెటర్‌కి వారం పడుతుందన్నారు. ఈలోగా మొదటి పేజీ మీద నా సర్వీస్ నంబర్, బ్యాంకు ఖాతా నల్లగీత పెట్టి దాచి పంపేస్తే?

పేరోల్ మేడమ్:
మొదటి పేజీ చాలు. పేరు, ఉత్తర్వు నంబరు, జారీ తేదీ, రిపోర్టింగ్, విడుదల సమయాలు, సంతకం కనిపించాలి. కానీ ఆ నల్లగీత జాగ్రత్త. పీడీఎఫ్ మీద నల్ల డబ్బా గీస్తే కింద అక్షరాలు అలాగే ఉండొచ్చు. మౌస్‌తో ఆ చోటు సెలెక్ట్ చేసి కాపీ చేసి, ఖాళీ పేజీలో పేస్ట్ చేయండి. ఖాతా నంబరు బయటపడితే మీరు దాచనట్టే. నాకు వచ్చే కాగితాల్లో ఇది తరచూ చూస్తాను, చెప్తే నమ్మరు. ప్రింట్ తీసి, ఆ రెండు గళ్ల మీద తెల్ల కాగితం ముక్క అంటించి మళ్లీ స్కాన్ చేయడం అన్నిటికంటే సులువు. సంతకం, ముద్ర మాత్రం కప్పకండి.

పంపేటప్పుడు హెచ్ఆర్‌కే పంపండి. టీమ్ గ్రూప్ మెయిల్‌కి పెడితే మీ క్యాంప్ ఎక్కడో ఇరవై మందికి తెలుస్తుంది. మేనేజర్‌కి తేదీలు చాలు.

పాత క్లర్క్:
నేనైతే ఇలా రాస్తాను. నచ్చినట్టు మార్చుకో.

"విషయం: రిజర్వ్ శిక్షణ శిబిరం – జూన్ 7 రాత్రి షిఫ్టు నుంచి జూన్ 21 రాత్రి షిఫ్టు వరకు లీవ్.

గౌరవనీయులైన మేనేజర్ గారికి, నేను సభ్యుడిగా ఉన్న రిజర్వ్ యూనిట్ నుంచి శిక్షణ శిబిరానికి హాజరు కావాలని ఉత్తర్వు అందింది. జూన్ 8 ఉదయం 10 గంటలకు రిపోర్ట్ చేయాలి. జూన్ 21 మధ్యాహ్నం 2 గంటలకు విడుదల. ప్రయాణం ఒక్కో వైపు ఏడు గంటలు. అందువల్ల జూన్ 7 రాత్రి షిఫ్టుకీ, 21 రాత్రి షిఫ్టుకీ కూడా హాజరు కాలేను. ఈ రెండింటితో పాటు వాటి మధ్యలో ఉన్న నా షిఫ్టులన్నిటినీ మిలిటరీ లీవ్‌గా నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. జూన్ 22 రాత్రి షిఫ్టుకి విధుల్లో చేరతాను. ఉత్తర్వు మొదటి పేజీ హెచ్ఆర్‌కి పంపాను. యూనిట్ ఇచ్చే లెటర్ రాగానే అదీ అందజేస్తాను. తేదీలు మారితే వెంటనే తెలియజేస్తాను."

చివరి వాక్యం తీసేయకు. క్యాంప్ తేదీలు ఒకటి రెండు రోజులు జరగడం మామూలే. సవరణ ఉత్తర్వు వస్తే కొత్త లీవ్ పెట్టకుండా పాతదాని కిందే జతచెయ్యి. లేకపోతే రెండు లీవులు ఒకదానిమీద ఒకటి పడతాయి.

షిఫ్ట్ ఇన్‌చార్జ్:
అవతలి పక్క నుంచి కూడా వినండి. నా కింద ఇద్దరు రిజర్విస్టులు ఉన్నారు. 21 రాత్రి లీవ్‌కి ఆర్డర్‌లో ఆధారం లేదు కదా? తొమ్మిదికి ఇల్లు చేరితే పదింటికి రావచ్చు అని మా పైవాళ్లు అంటారు. దాన్ని మిలిటరీ లీవ్ కింద కాకుండా సొంత లీవ్ కింద పెట్టుకోవడం న్యాయం అని నా అభిప్రాయం.

పాత క్లర్క్:
రెండు వారాలు శిబిరంలో ఉండి, ఏడు గంటలు బస్సులో కూర్చుని వచ్చినవాణ్ని రాత్రంతా మెషీన్ దగ్గర నిలబెడతారా? అమెరికా చట్టంలో ముప్పై రోజుల్లోపు సేవకి ఇంటికి చేరాక ఎనిమిది గంటల విశ్రాంతి ఇచ్చి, ఆ తర్వాతి షిఫ్టుకే రమ్మంటారు. అన్నిచోట్లా అలా రాసి లేదు నిజమే, కానీ అందులో తర్కం ఉంది.

షిఫ్ట్ ఇన్‌చార్జ్:
తర్కం కాదనను. రాసి లేనిచోట నేను సంతకం పెట్టాలి కదండీ.

నైట్ షిఫ్ట్ వాలా:
నిన్న పంపాను. 7 రాత్రి నుంచి ఒప్పుకున్నారు. 21 రాత్రి సంగతి తర్వాత చూద్దాం అన్నారు. మా మేనేజర్ మాత్రం "క్యాంప్ వచ్చే నెలకి వాయిదా వేయించుకోలేవా, ఇక్కడ మనుషులు లేరు" అని అడిగాడు. ఏం చెప్పాలి?

పాత క్లర్క్:
వాయిదా నీ చేతిలో లేదు, ఆయన చేతిలోనూ లేదు. నిజంగా అవసరమైతే కారణం రాసి కంపెనీ లెటర్‌హెడ్ మీద యూనిట్ కమాండర్‌కి పంపమను. నిర్ణయం అటువైపు నుంచి రాతపూర్వకంగా వచ్చేదాకా నీ పాత ఆర్డరే చెల్లుతుంది. ఆయన నోటిమాట మీద నువ్వు క్యాంప్ మానేస్తే అక్కడ గైర్హాజరు నీ పేరు మీదే పడుతుంది.

పేరోల్ మేడమ్:
21 రాత్రికి ఒక పని చేయండి. క్యాంప్ నుంచి బయల్దేరేటప్పుడు ఇచ్చే విడుదల కాగితంలో తేదీ ఒక్కటే కాకుండా సమయం కూడా రాయించుకోండి. బస్సు టికెట్ దాచండి. ఆ రెండూ ఉంటే నేనైతే మారుస్తాను. మీ హెచ్ఆర్ ఏమంటారో వచ్చాక ఇక్కడ రాయండి.