అప్‌డేట్: తగ్గిన 2,360 ఎక్కడ పోయిందో దొరికింది

నా ప్రశ్న: గుంటూరు నుంచి ఆన్‌లైన్‌లో వడియాలు అమ్ముతున్నా, టీసీఎస్ టీడీఎస్ తీసేసి లెక్కేసుకున్నా 40 ఆర్డర్లకి 2,360 తక్కువ పడింది, ఎందుకు?

అప్‌డేట్: సెటిల్‌మెంట్ షీట్ దింపి ఆర్డర్ ఆర్డర్‌కీ లైన్లన్నీ చూశానండి, కమీషన్ కరెక్టే, తేడా అంతా షిప్పింగ్ ఫీజులో ఉంది. ప్యాకెట్ తూకం 900 గ్రాములే కానీ షీట్‌లో 2.4 కేజీలని ఉంది. వడియాలు విరుగుతాయని నేను 30×20×20 సెంటీమీటర్ల డబ్బా వాడా, ఆ మూడూ గుణించి 5000తో భాగిస్తే 2.4 వస్తుంది, తూకం, ఇది, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే చార్జీ అంట. ఆర్డరుకి 50 ఎక్కువ, దానిమీద 18% జీఎస్టీ 9, మొత్తం 59, నలభైకి సరిగ్గా 2,360. కొలతలు నిజమే కాబట్టి డిస్ప్యూట్ వెయ్యలేదు. ఇప్పుడు 25×20×10 డబ్బాకి మారా, 1 కేజీ లెక్కే పడుతోంది.