తేఁటిపిండులో పిండు ఏంటి?

వైట్‌ఫీల్డ్ వాసి: ఒక పద్యం తోక బుర్రలో ఇరుక్కుని వదలట్లేదు. కాలేజీలో తెలుగు మాస్టారు చదివింది, చివర్లో ఎక్కడో ‘తేఁటిపిండు’ అని వస్తుంది. ముందు పాదాలు ఎగిరిపోయాయి, ఆ ఒక్క సమాసం మిగిలింది. తేఁటి అంటే తుమ్మెద, అంతవరకు సరే. ఈ పిండు ఏంటి? మా అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద తేనెటీగలు చేరాయి, తెలుగువాళ్ల వాట్సాప్‌లో ఒకరు గుంపు అని, ఒకరు దండు అని, ఇంకొకరు తుట్టె అని రాశారు, దాంతో ఇది గుర్తొచ్చింది. పద్యం తెలిసినవాళ్లు చెప్పండి. అలాగే మంద, దండు, బారు, మూక వీటిలో మీరు నిజంగా నోటితో అనేవి ఏవి?

కోరమంగళ కుర్రాడు: తేఁటి పిండు అంటే పుప్పొడి అయి ఉండాలి. తుమ్మెద కాళ్లకి అంటుకునే పిండి. పద్యంలో గణం కోసం ‘పిండి’ని ‘పిండు’ చేసుంటారు. లేదంటే తేనె పిండటం. మా ఊళ్లో తుట్టె పిండటం అనే అంటారు.

బసవనగుడి పంతులు: గణం కోసం ఇకారాన్ని ఉకారం చేసేస్తే ఇంక ఛందస్సు ఎందుకు నాయనా? పిండు అంటే సమూహం, ఏ పాత నిఘంటువు తీసినా ఉంటుంది. తేఁటిపిండు తుమ్మెదల గుంపు, అంచపిండు హంసల గుంపు. తేనె పిండటం క్రియ, దానికీ దీనికీ సంబంధం లేదు. అయినా బెంగళూరులో ఉంటూ ఈ మాట తెలియదంటే ఎలా? రోజూ కన్నడ న్యూస్‌లో వింటూనే ఉంటారు. హాసన్ వైపు కాఫీ తోటల్లోకి ఏనుగులు వస్తే ‘కాడానె హిండు’ అంటారు కదా, ఆ హిండే మన పిండు. మన పాలు వాళ్లకి హాలు, మన పులి హులి, మన పువ్వు హూవు. పాత కన్నడంలో అదీ పిండే, తర్వాత పకారం హకారం అయింది. మనం మాటనే వదిలేశాం, వాళ్లు మొదటి అక్షరం ఒక్కటి మార్చుకుని ఇప్పటికీ రోజూ వాడుకుంటున్నారు.

వైట్‌ఫీల్డ్ వాసి: కురి హిండు అని మా డ్రైవర్ అంటుంటాడు! హైవే మీద గొర్రెలు అడ్డం వచ్చినప్పుడల్లా. ఇన్నేళ్లూ అది పూర్తిగా కన్నడ మాటే అనుకున్నా.

కోరమంగళ కుర్రాడు: అయితే పంతులుగారూ, నా మాట సగం నిజమే కదా? పిండం అంటే ముద్ద. ముద్దగా చేరినవి పిండు. సంస్కృతం నుంచే వచ్చింది, తెలుగూ కన్నడం రెండూ అక్కడి నుంచే తీసుకున్నాయి.

అడయారు నుంచి: కన్నడంలో పకారం హకారం అయిందంటేనే అది అచ్చ ద్రావిడ మాట అని అర్థం తమ్ముడూ. సంస్కృతం మాటలు మారవు. శ్రాద్ధంలో పెట్టేది కన్నడంలోనూ పిండమే, హిండం కాదు.

బసవనగుడి పంతులు: అమ్మా, అంత తొందరగా తీర్పు ఇవ్వకండి. హక్కి ఎక్కడిది? పక్షి నుంచి పక్కి, పక్కి నుంచి హక్కి. హుణ్ణిమె పూర్ణిమ నుంచే. పాతకాలంలోనే జనం నోట్లో పడి నలిగిన సంస్కృత మాటలు కూడా ఈ మార్పుకి లోనయ్యాయి, పుస్తకాల్లో ఉండిపోయినవి మాత్రం మారలేదు. కాబట్టి హిండు అనే రూపం ఆ మాట కన్నడంలో చాలా పాతదని చెబుతుంది, అంతే. ఎక్కడ పుట్టిందో చెప్పదు. నా మొగ్గు మీ వైపే, కానీ ఈ ఒక్క సాక్ష్యంతో కేసు గెలవలేం.

కోరమంగళ కుర్రాడు: అంటే నేను ఓడిపోలేదన్నమాట.

సిల్క్‌బోర్డు బాధితుడు: ఇంగ్లిషులో సింహాలకి ఒక మాట, కాకులకి ఒక మాట, గుడ్లగూబలకి ఒక మాట ఉన్నాయి. మా పాప స్కూల్లో లిస్టు ఇచ్చి బట్టీ పట్టిస్తున్నారు. తెలుగులో సింహాల గుంపుకి ప్రత్యేకంగా ఏమంటారు? లేకపోతే మనమే ఒకటి పెట్టుకుందాం. సింహాల దర్పం ఎలా ఉంది?

బసవనగుడి పంతులు: దర్పం మీ దగ్గరే ఉంచుకోండి. ఆ ఇంగ్లిషు లిస్టులో చాలా భాగం వేటగాళ్ల సరదా, పదిహేనో శతాబ్దంలో దొరల పిల్లలకి వేట మర్యాదలు నేర్పడానికి రాసుకున్నవి. 1486లో అచ్చయిన ఒక వేట పుస్తకంలో జంతువులతో పాటు మనుషుల మీద కూడా అలాంటి మాటలు వరసగా ఉన్నాయి. అప్పుడైనా ఇప్పుడైనా వాటిలో సగం మాటలు పొలంలో ఎవరూ అనరు, క్విజ్‌లో అడుగుతారు. మన మాటలు అలా పుట్టలేదు. జంతువుని బట్టి కాదు, అవి ఎలా నడుస్తాయో, ఎక్కడ నిలుస్తాయో చూసి పెట్టారు. వరసగా పోతే బారు, అందుకే చీమలకీ బారే, కొంగలకీ బారే. మీద పడి ఊడ్చుకుపోతే దండు.

వైట్‌ఫీల్డ్ వాసి: దండు 2020లో మళ్లీ బతికింది కదా. రాజస్థాన్ మీదుగా మిడతలు వచ్చినప్పుడు ప్రతి పేపర్లో ‘మిడతల దండు’. మా అబ్బాయి ఆ మాట అప్పుడే మొదటిసారి విన్నాడు.

అడయారు నుంచి: బెంగళూరులో దండు అంటే కంటోన్మెంట్ కూడా కదా? మా పెద్దమ్మ ‘దండు స్టేషన్‌లో దిగు’ అనేది. 1809లో ఇంగ్లిషు సైన్యం వచ్చి దిగిన చోటు కాబట్టి ఆ పేరు. అంటే మిడతలూ సైన్యమూ ఒకటే, వచ్చి పంట తినేసి పోతాయి. సైన్యం మాత్రం పోలేదు లెండి.

సిల్క్‌బోర్డు బాధితుడు: సరే, ఏనుగులకైనా ప్రత్యేకమైన మాట ఉండాలి కదా. పలమనేరు, కుప్పం వైపు ఇప్పటికీ పొలాల మీద పడుతుంటాయి. మన పేపర్లో మాత్రం ‘ఏనుగుల గుంపు’ అనే రాస్తారు, చప్పగా.

బసవనగుడి పంతులు: సంస్కృతంలో యూథం ఉంది, దాని పెద్ద యూథపతి. కానీ పోతనని చూడండి, గజేంద్రమోక్షంలో ‘తలఁగవు కొండలకైనను’ పద్యం. కొండలకి తలగవు, సింగాలకి మలగవు, పిడుగులకి కలగవు అంటూ వరసగా కొట్టుకుంటూ వచ్చి చివర్లో ‘ఏనుఁగు గున్నల్’ అని ఆపేస్తాడు. మందా లేదు, గుంపూ లేదు, పిండూ లేదు. ఒట్టి బహువచనం. తలఁగవు, మలఁగవు, కలఁగవు, ఆ మూడు లకారాలు దొర్లుకుంటూ వచ్చి గున్నల్‌లో లకారం మీద ఆగితే ఏనుగులు నిజంగా ఎదురుగా వచ్చి నిలబడ్డట్టు ఉంటుంది. సమూహం అనే మాట పెట్టి ఉంటే ఆ బరువు పోయేది. నన్నడిగితే కవి చెవి ముందు నిఘంటువు ఎంత?

కోరమంగళ కుర్రాడు: గున్న అంటే బలిసింది కదా? గున్న ఏనుగులా ఉన్నాడు అంటాం.

బసవనగుడి పంతులు: గున్న అంటే పిల్ల, పొట్టిది. గున్నమామిడి బలిసిన మామిడి కాదు, కురచ చెట్టు. ఏనుగు పిల్ల బొద్దుగా ఉంటుంది కాబట్టి మీ నోట్లో అర్థం అటు జారింది.

వైట్‌ఫీల్డ్ వాసి: పంతులుగారూ, పోతన సరే, నా పద్యం?

మడకశిర అమ్మాయి: ఇంతసేపు చదివాను, గొర్రెల సంగతి మీరెవరూ సరిగ్గా చెప్పలేదు. మాది గొర్రెలు కాసే ఇల్లు. నేను ఇప్పుడు పీణ్యలో పని చేస్తున్నా, మా నాయనకి ఇప్పటికీ జీవాలున్నాయి. మేం ‘ఎన్ని గొర్రెలు’ అని అడగం, ‘ఎన్ని జీవాలు’ అంటాం, మేకలు కలిసున్నా అదే మాట. పగలు మేతకి పోయినప్పుడు ‘జీవాలు గుట్ట మీదికి పోయినాయి’ అంటాం. మంద అనేది రాత్రి మాట. ఒకచోట ఆపి, చుట్టూ తడికెలో వలో కట్టి పడుకోబెడితే అది మంద. కోతలు అయినాక రైతులు వచ్చి ‘మా చేన్లో మంద పెట్టు’ అని అడుగుతారు. పెంట, ఉచ్చ నేలకి పడుతుంది, ఆ చేను ఎరువు కొనే పని తగ్గుతుంది. దానికి గింజలో డబ్బులో ఇస్తారు. రోజూ తడికెలు కొంచెం కొంచెం జరుపుతూ చేనంతా తిప్పుతారు, ఒకేచోట ఉంచితే అక్కడ మాత్రం పైరు ఏపుగా పెరిగి పడిపోతుంది, మిగతాది పాలిపోయి ఉంటుంది. మంద ఎక్కడ జరపలేదో పైరు చూసి చెప్పొచ్చు. అందుకని మాకు మంద అంటే గొర్రెల లెక్క కాదు, గొర్రెలు నిలిచిన చోటు. హైవే మీద పోయేదాన్ని మీరు మంద అంటారు, మేం అనం.

అడయారు నుంచి: అమ్మాయ్, ఎంత మంచి మాట చెప్పావు! తమిళంలో మందై కూడా అంతే. పశువుల గుంపూ మందై, ఊళ్లో అవి నిలిచే బయలూ మందై. నీలగిరుల్లో తోడాలు గేదెల దొడ్లతో కలిసి ఉండే ఊరిని మందు అంటారు. ఊటకమండ్ చివర్లో ఉన్నది అదే.

సిల్క్‌బోర్డు బాధితుడు: ఊటీ పేరులో గేదెల మందా! హనీమూన్‌కి వెళ్లినప్పుడు ఎవరూ చెప్పలేదు.

బసవనగుడి పంతులు: తేనెటీగలకీ ఇదే జరిగింది చూడండి. ఎగిరే గుంపుకి ఉన్న పిండు పోయింది, ఇల్లు మిగిలింది. ఇప్పుడు ‘తేనెతుట్టెని కదిపినట్టు’ అంటే తుట్టె లేచి కుట్టదు, ఈగలు కుడతాయి, అయినా మాట ఇంటిదే.

కోరమంగళ కుర్రాడు: తుట్టె కాదు, తెట్టె. మా వైపు తెట్టే.

అడయారు నుంచి: పట్టు. తేనెపట్టు.

మడకశిర అమ్మాయి: మేం పెర అంటాం. ఈ పట్టు, తుట్టె నేను పుస్తకాల్లోనే చదివా.

బసవనగుడి పంతులు: పెర పాత మాట, కావ్యాల్లో ఉంది. మీ ఇంట్లో ఇంకా ఉందంటే మీ నాయనని ఒకసారి కూర్చోబెట్టి మాటలన్నీ రాసుకోండమ్మా, ముఖ్యంగా గొర్రెల వయసులకి, రంగులకి ఉన్న పేర్లు.

మడకశిర అమ్మాయి: అవి చాలా ఉన్నాయి, వేరే పోస్టు పెడతా. ఇంకోటి పంతులుగారూ, పైన వైట్‌ఫీల్డ్ ఆయన కురి హిండు అన్నారు కదా, మా ఊరికి పక్కనే కర్ణాటక, అక్కడి కురుబలు రాత్రి నిలిపినదాన్ని హిండు అంటారా, వేరే మాట ఉందా అనేది మా నాయనని అడగాలి. వాళ్లతో కలిసి మేపుతాడు, ఆయనకి తెలుస్తుంది.

సిల్క్‌బోర్డు బాధితుడు: పనిలో పనిగా అరటిపళ్ల సంగతి కూడా తేల్చండి. కేఆర్ మార్కెట్లో అత్తం అని అడిగితే చిప్పు అని సరిచేశాడు, గెల అంటే గొనె అన్నాడు.

కోరమంగళ కుర్రాడు: అత్తం కాదన్నా, హస్తం.

అడయారు నుంచి: హస్తమే అత్తం అయింది తమ్ముడూ. మళ్లీ మొదలుపెట్టకు.