నీటిది కెలోరీల్లో, అల్యూమినియందేమో జౌల్స్‌లో: ఇలా కలిపి ఇవ్వొచ్చా?

ఇంటర్ విద్యార్థి: వర్క్‌షీట్‌లో లెక్క ఇది. 100°C దగ్గరున్న 200 గ్రాముల అల్యూమినియం దిమ్మను 30°C దగ్గరున్న 300 గ్రాముల నీటిలో వేశారు. విశిష్టోష్ణం అల్యూమినియానికి 0.9 J/g°C, నీటికి 1 cal/g°C. పాత్ర తీసుకునే ఉష్ణం వదిలేయమన్నారు. నాకు 56.25°C వచ్చింది, కీలో 38.8 ఉంది. మిశ్రమాల పద్ధతిలో యూనిట్లు రెండు వైపులా కొట్టుకుపోతాయి కదా? అసలు ఇలా కలిపి ఇవ్వడం న్యాయమేనా?

ఫిజిక్స్ మాస్టారు: రెండు వైపులా ఒకే యూనిట్ ఉంటేనే కొట్టుకుపోతుంది బాబూ. నీ జవాబునే పరీక్షించు. దిమ్మ 43.75 డిగ్రీలు చల్లారితే వదిలేది 180 × 43.75, అంటే 7875 జౌల్స్. నీరు 26.25 డిగ్రీలు వేడెక్కాలంటే 7875 కెలోరీలు కావాలి. అంకె ఒకటే, ఉష్ణం మాత్రం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ. ఆ మిగతా ఉష్ణం ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఒక కెలోరీ అంటే 4.18 జౌల్స్, కాబట్టి నీటి వైపు 4.18తో గుణించు:

```
180(100 − T) = 1254(T − 30)
1434 T = 55620
T = 38.8
```

లెక్క చేయకముందే పసిగట్టొచ్చు కూడా. ఈ దిమ్మ 180/4.18, అంటే సుమారు 43 గ్రాముల నీటితో సమానం. అంత కొంచెం వేడినీళ్లు పోస్తే 300 గ్రాముల నీరు 56 దాకా వెళ్లదు.

బీటెక్ అబ్బాయి: అందుకే అన్నీ ఎస్‌ఐలోకి మార్చాలి. గ్రాములు కిలోల్లోకి, సెల్సియస్ కెల్విన్‌లోకి, కెలోరీలు జౌల్స్‌లోకి. కెలోరీల్లో చేస్తే తప్పే.

ఫిజిక్స్ మాస్టారు: జౌల్స్ అలవాటు మంచిదే, నేనూ అదే చెప్తాను. కానీ కెలోరీల్లో చేస్తే తప్పు కాదు. 43.06(100 − T) = 300(T − 30) చేసి చూడండి, అదే 38.8 వస్తుంది. ఇక్కడున్నవి ఉష్ణోగ్రత తేడాలు కాబట్టి కెల్విన్‌లోకి మార్చినా ఏమీ మారదు.

పదో తరగతి అమ్మ: మా అమ్మాయి ఇలాంటి లెక్కే 4.2తో చేసి 38.75 తెచ్చింది. ట్యూషన్‌లో మార్కు కోసేశారండి. చాలా టెన్షన్ పడింది.

ఫిజిక్స్ మాస్టారు: కోయకూడదమ్మా. ఒక దశాంశానికి సవరిస్తే అదీ 38.8 అవుతుంది. ఏ విలువ వాడాలో ప్రశ్నలో చెప్పనప్పుడు 4.2ని తప్పనలేం. పాప ఏ విలువ తీసుకుందో మొదటి వరుసలో రాస్తే దిద్దేవారికి అనుమానం రాదు.

బీటెక్ అబ్బాయి: అయినా పరీక్షిస్తున్నది ఫిజిక్స్‌నా, కళ్లనా? ఎంట్రన్స్‌లో ఒక్కో లెక్కకి నిమిషమో రెండు నిమిషాలో ఉంటుంది.

ఫిజిక్స్ మాస్టారు: యూనిట్ చూడటం ఫిజిక్స్‌లో భాగమే. సంఖ్య పక్కన యూనిట్ స్పష్టంగా అచ్చువేస్తే నాకు అభ్యంతరం లేదు. పట్టికలో ఒక మూలన పెట్టి ప్రశ్నలో దాచితే మాత్రం నేనూ ఒప్పుకోను.

ఇంటర్ విద్యార్థి: మా షీట్‌లో పట్టికలోనే ఉంది సార్, పై పేజీలో.

బీటెక్ అబ్బాయి: మరి దాన్ని దాచినట్టు అనరా?