నాన్నగారి ఆధార్‌కు, పింఛనుకు, పన్ను ఖాతాకు ఎవరి నంబరు ఉండాలి?

కొవ్వూరు_వాసి (ప్రశ్న): మా నాన్నగారికి డెబ్బై రెండేళ్లు. పీఎఫ్ సంస్థ ఇచ్చే ఈపీఎస్ పింఛను వస్తుంది. డిపాజిట్ల వడ్డీ మీద కోసుకున్న పన్ను వెనక్కి రావడానికి ఏటా రిటర్ను వేస్తాం. రీఛార్జి చేయించక ఆయన పాత సిమ్ ఆగిపోయింది. అన్నిచోట్లా నా నంబరు పెట్టేయనా, ఆయనకే కొత్తది తీసుకోనా? ఎక్కడ మొదలుపెట్టాలి?

చందానగర్_రాజు: నిస్సందేహంగా మీ నంబరే పెట్టండి. ఆధార్‌లో ఒకసారి మారిస్తే చాలు, బ్యాంకులోనూ పింఛనులోనూ పన్ను ఖాతాలోనూ అదే మారిపోతుంది. మా నాన్నగారివన్నీ ఆరేళ్లుగా నా నంబరు మీదే నడుస్తున్నాయి.

తపాలా_విశ్రాంతుడు: రాజుగారూ, ఒక ఆధార్‌లో ఉన్న నంబరును మరొక ఆధార్‌కూ ఇవ్వవచ్చు, అంతవరకు మీ మాట సరైనదే. కానీ ఆధార్‌లో మార్చినంత మాత్రాన మిగతాచోట్ల మారదు. బ్యాంకు పుస్తకం బ్యాంకుది, పన్ను శాఖ పుస్తకం పన్ను శాఖది. ప్రతిచోటా విడిగా మార్చుకోవలసిందే.

అయినా మొదలుపెట్టవలసింది ఆధార్‌తోనే, ఎందుకంటే మిగతాచోట్ల దారి మూసుకుపోయినప్పుడు అడిగేది ఆధార్ ఓటీపీనే. పాత సిమ్ ఆగిపోయినా అక్కడ ఇబ్బంది లేదు. ఆధార్ కేంద్రానికి నాన్నగారిని తీసుకువెళ్లి వేలిముద్రో కనుపాపో ఇప్పిస్తే సరిపోతుంది, వేరే కాగితాలు అడగరు. రుసుము 2025 అక్టోబరు నుంచి 75 రూపాయలు. ఆయన నడవలేని స్థితిలో ఉంటే 2021 నుంచి పోస్టుమ్యాన్ ఇంటికి వచ్చి కూడా ఈ పని చేస్తున్నాడు. మీ పోస్టాఫీసులో అడిగి చూడండి. కొన్ని రోజుల తరువాత myAadhaar సైటులో "Verify Email/Mobile" దగ్గర ఆధార్ సంఖ్యను, కొత్త నంబరును కొట్టి చూస్తే ఎక్కిందో లేదో తెలిసిపోతుంది. రసీదు చేతికి వచ్చినంత మాత్రాన నంబరు మారినట్టు కాదు.

పింఛను సంగతి మరొకటి. 2014లో పీఎఫ్ సభ్యులకిచ్చే శాశ్వత సంఖ్య యూఏఎన్ రాకముందే ఆయన ఉద్యోగ విరమణ చేసి ఉంటారు కాబట్టి ఆయనకు యూఏఎన్ ఉండకపోవచ్చు. ఈపీఎఫ్ఓ సైటులో దాని కోసం వెతికి విసిగిపోకండి. ఆయనకు ఆధారం పింఛను మంజూరు పత్రం మీద ఉండే పీపీఓ నంబరు, పింఛను పడే బ్యాంకు ఖాతా. పింఛనుదారు బతికే ఉన్నట్టు ఏటా ఇచ్చే ధ్రువపత్రం జీవన్ ప్రమాణ్‌కు ఆయన వేలో ముఖమో కావాలి గానీ, అక్కడ రాసే మొబైల్ నంబరు ఆధార్‌లో ఉన్నదే కానక్కరలేదు.

నూజివీడు_లక్ష్మి: మా అమ్మకు ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికి వచ్చి వితంతు పింఛను ఇస్తారు. నంబరు మార్చకపోతే అది ఆగిపోతుందా అండీ? భయంగా ఉంది.

తపాలా_విశ్రాంతుడు: ఆగదమ్మా. అక్కడ వేలిముద్రో ముఖమో చూసి ఇస్తారు, ఓటీపీతో పని లేదు. కొవ్వూరు వారు అడిగింది వేరు.

గుంటూరు_ఆడపడుచు: అందరూ కేంద్రం, పోస్టుమ్యాన్ అని చెబుతున్నారు గానీ, ప్రశ్నలోని మొదటి భాగానికి ఎవరూ జవాబు చెప్పలేదు. నాన్నగారికే ఒక నంబరు తీసుకోండి. ఇంకొకరి నంబరు పెట్టడం ఆయన ఇంటి తాళం ఇంకొకరి చేతికివ్వడమే అవుతుంది.

చందానగర్_రాజు: ఆయనకు ఓటీపీ చదవడం రాకపోతే? తాళం చేతిలో ఉన్నా తలుపు తీయలేని వారికి తాళం ఎందుకు?

పన్ను_పద్దు: దీనిలో పన్ను ఖాతాను తేలికగా తీసుకోకండి. గత సంవత్సరం మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి రిటర్ను నేనే వేశాను. జూలై 12న వేసి, ధ్రువీకరించబోతే ఆధార్ ఓటీపీ రాలేదు, ఆ నంబరు ఎప్పుడో ఆగిపోయింది. బ్యాంకు ఖాతా ద్వారా ప్రయత్నిస్తే అక్కడా అదే పాత నంబరు. రిటర్ను వేసిన 30 రోజుల్లో ధ్రువీకరించాలి కాబట్టి ఆగస్టు 11 వరకే గడువు. గడువు దాటి ధ్రువీకరిస్తే ఆ రోజే రిటర్ను వేసినట్టు లెక్కగట్టి ఆలస్య రుసుము వేయవచ్చు. అందుకని 18న పోస్టుమ్యాన్‌ను పిలిపించాము. మొదటి మూడుసార్లు ఆయన వేలిముద్ర పడలేదు. సుద్దముక్కలతో అరిగిన వేళ్లు కావచ్చు. గోరువెచ్చని నీళ్లలో వేలు కడిగి, తుడిచి, మరొక వేలు పెడితే పడింది. ఆరు రోజులకు కొత్త నంబరు ఎక్కింది, అదే సాయంత్రం ధ్రువీకరించాము. అదీ కుదరకపోతే రిటర్ను రసీదైన ఐటీఆర్-వి అచ్చు తీసి సంతకం పెట్టి బెంగళూరులో రిటర్నులు చూసే పన్ను శాఖ కేంద్రం సీపీసీకి స్పీడ్ పోస్టులో పంపే దారి ఎలాగూ ఉంది.

పన్ను సైటులో నంబరు మార్చడానికి పాత సిమ్ అక్కరలేదు. పాస్‌వర్డ్ తెలిస్తే "My Profile"లోకి వెళ్లి కొత్తది రాయండి, ఓటీపీ కొత్త నంబరుకే వస్తుంది. పాస్‌వర్డ్ మరిచిపోతే మాత్రం ఆధార్ ఓటీపీ దగ్గరికి తిరిగి రావలసి రావచ్చు. నా మట్టుకు, రిటర్ను వేసేవారి నంబరు ఉండడమే మేలనిపిస్తుంది.

గుంటూరు_ఆడపడుచు: రిటర్ను వేసేవారు నిజాయితీపరులైతే మేలే. మా అమ్మ ఆధార్‌లోనూ బ్యాంకులోనూ అన్నయ్య నంబరు ఉండేది. పింఛను పడినప్పుడూ తీసినప్పుడూ సందేశాలన్నీ ఆయన ఫోనుకే వెళ్లేవి. అమ్మకు నాలుగేళ్లపాటు ఒక్క సందేశమూ రాలేదు. పాసుపుస్తకంలో పద్దులు వేయించిన రోజున అమ్మ నోట మాట రాలేదు. ఆ పుస్తకం నా చేతుల్లోనే ఉంది. నంబరు మార్చుదామంటే అన్నయ్య "నా మీద నమ్మకం లేదా" అన్నాడు.

చందానగర్_రాజు: అందరు కొడుకులూ దొంగలేనా? మా నాన్నగారి ఫోనుకు బ్యాంకు నుంచి అంటూ ఎవడో ఫోను చేస్తే, ఆయన వచ్చిన ఓటీపీ చదివి వినిపించారు. నలభై వేలు పోయాయి. అప్పటి నుంచే నంబరు నాది పెట్టాను. నేను ఆయన్ను దోచుకోవడానికి పెట్టానంటారా?

గుంటూరు_ఆడపడుచు: మీరని నేను అనలేదు. ఆ రోజు నుంచి నాన్నగారు తన ఖాతాలో ఎంత ఉందో మిమ్మల్ని అడగకుండా తెలుసుకోగలుగుతున్నారా? అదొక్కటి చెప్పండి.

చందానగర్_రాజు: అడిగితే చెబుతాను. అయితే ఈ మధ్య ఆయన అడగడం మానేశారు.

తపాలా_విశ్రాంతుడు: ఇద్దరి బాధా నిజమే. కానీ రెండు నంబర్లు పెట్టే వీలు ఉన్నచోట ఎందుకు వదులుకుంటారు? పన్ను ఖాతాలో ప్రధాన నంబరుతోపాటు రెండవది రాసే చోటు ఉంది. ఆధార్‌లో ఒక్కటే ఉంటుంది కనుక అది పెద్దాయనదే పెట్టి, సిమ్‌ను కీప్యాడ్ ఫోనులో వేసి ఇంట్లో ఉంచండి, రీఛార్జి మాత్రం మీ ఫోను నుంచి చేయండి. తొంభై రోజులు వాడకుండా, బ్యాలెన్సు ఇరవై రూపాయల కన్నా తక్కువ ఉంటే ప్రీపెయిడ్ నంబరును ఆపేయవచ్చు. ఆగిన నంబరును మరో తొంభై రోజుల తరువాత ఇంకొకరికి ఇవ్వవచ్చు. ఆ తరువాత మీ నాన్నగారి ఓటీపీలు ఎవరో తెలియని మనిషికి వెళతాయి. కొవ్వూరు వారు పాత నంబరు కోసం ఆ కంపెనీ దుకాణంలో ముందు అడగాలి, ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే తిరిగి ఇచ్చే అవకాశం ఉంటుంది. అదే దక్కితే ఎక్కడా మార్చవలసిన పనే ఉండదు.

పన్ను_పద్దు: ఆ కీప్యాడ్ ఫోనుకు వచ్చిన ఓటీపీని పెద్దాయన మళ్లీ ఎవరికో చదివి వినిపిస్తే? రాజుగారి భయానికి దీనిలో జవాబు లేదు.

గుంటూరు_ఆడపడుచు: నేర్పించాలి. అమ్మకు నేను నేర్పించాను. రెండు నెలలు పట్టింది.

కొవ్వూరు_వాసి: దుకాణానికి వెళ్లి వచ్చాను. పాత నంబరు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట, రేపు నాన్నగారిని వేలిముద్రకు తీసుకురమ్మన్నారు. ఈ సంగతి చెబితే ఆయన మొదట అడిగింది "ఫోను నా దగ్గరే ఉంటుందిగా" అని. పన్ను ఖాతాలో రెండవ నంబరుగా నాది పెడతాను. బ్యాంకులో ఎవరిది పెట్టాలన్నది ఆయననే అడుగుతాను.