ఫోనులో ఓటీపీ అడిగేవారు మోసగాళ్లేనని పెద్దవాళ్లకు ఎలా వివరించాలి?

సుధారాణి, హెబ్బాళ

మా మామగారు ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి, మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి మాతోనే ఉంటున్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదని ఎన్నిసార్లు చెప్పినా, "ఎవరికీ అంటే ముక్కూ మొహం తెలియనివాళ్లకు కదమ్మా, బ్యాంకువాళ్లకు కూడానా?" అంటారు. "ఆ సంఖ్యను పంపిందే బ్యాంకు, తన దగ్గర ఉన్నదాన్ని మిమ్మల్ని ఎందుకు అడుగుతుంది?" అన్నాను. దానికి ఆయన, "పంపింది కంప్యూటరు, అడిగేది గుమాస్తా. కంప్యూటరులో ఉన్నది గుమాస్తాకు కనబడకపోవచ్చు, అందుకే అడుగుతున్నాడేమో" అన్నారు. నాకు జవాబు తోచలేదు. ఆయనను భయపెడితే వినరు, కారణం చెబితే వింటారు. తెలిసినవారు చెప్పగలరా?

రామ్మోహన్, మారతహళ్లి

ఇందులో కష్టమేమీ లేదు. మన ఓటీపీ బ్యాంకు ఉద్యోగి తెరమీద కనబడుతూనే ఉంటుంది, కాబట్టి అతను అడగవలసిన అవసరమే రాదు. ఓటీపీ చెప్పనంతవరకు మన డబ్బు ఎక్కడికీ పోదని కూడా మామగారికి చెప్పండి, ధైర్యంగా ఉంటారు.

వెంకటాచలం, జయనగర

బ్యాంకు కార్డుల విభాగంలో చాలాకాలం పనిచేసినవాడిగా చెబుతున్నాను, రామ్మోహన్ గారి మాటల్లో మొదటిది సరికాదు, రెండవది సగమే సరి. ఓటీపీ ఉద్యోగి తెరమీద కనబడదు. దాన్ని తయారుచేసేదీ, మనం టైపు చేసిన సంఖ్యతో సరిపోల్చేదీ సర్వరే, మధ్యలో మనిషి ఉండడు. కాబట్టి గుమాస్తాకు ఆ సంఖ్య తెలియదన్న మామగారి ఊహ నిజమే. తెలియదు గనుక అతనికి అది కావాలి అనుకోవడంలోనే చిక్కు ఉంది. కార్డును నిలిపివేయడానికి గాని, ఒక లావాదేవీని ఆపడానికి గాని ఉద్యోగికి మీ ఓటీపీతో పనిలేదు. కార్డు కొనుగోలు విషయంలో ఆ ఆరంకెలు నింపే గడి ఉండేది చెల్లింపు పేజీలోనే, అది కొంటున్నవాడి ముందు తెరుచుకుని ఉంటుంది. మీకు ఫోను చేసి ఆ అంకెలు అడుగుతున్నాడంటే, ఆ పేజీ తెరుచుకుని కూర్చున్నవాడు అతనే అయి ఉండాలి.

ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు కార్డుమీద ముద్రించి ఉన్న వివరాలు మాత్రమే చాలవని, అదనంగా మరొక ధ్రువీకరణ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి అమలుచేసింది. కార్డు వివరాలు దొంగ చేతికి చిక్కినా, మీ ఫోను మీ చేతిలో ఉన్నంతవరకు అతను కొనలేకపోవాలన్నది దాని ఉద్దేశం. అందువల్ల మామగారికి ఓటీపీని సమాచారంగా కాక వేలిముద్రగా వివరించండి. ఫోనులో దాన్ని చెప్పడమంటే, తాను చదవని పత్రంమీద వేలిముద్ర వేసి అవతలివాడి చేతికి ఇవ్వడమే. ఉపాధ్యాయులు కాబట్టి ఈ మాట ఆయనకు తప్పక అందుతుంది.

అనిత, హొసకోటె

మా పిన్నికి ఫోను చేసింది బ్యాంకువాళ్లు కాదండీ, సొంత తోటికోడలి నంబరు నుంచే వాట్సాప్‌లో సందేశం వచ్చింది. "పొరపాటున నా కోడ్ మీ ఫోనుకు వచ్చింది, కాస్త చెప్పండక్కా" అని ఉంటే, తెలిసినవాళ్లే కదా అని చెప్పింది. మరునాటికి పిన్ని పేరుతో బంధువులందరికీ అప్పు అడుగుతూ సందేశాలు వెళ్లాయి. ఇదీ ఓటీపీ కిందికే వస్తుందా?

వెంకటాచలం, జయనగర

వస్తుంది. అది మీ పిన్నిగారి నంబరుతో వాట్సాప్‌ను వేరే ఫోనులో తెరవడానికి వచ్చిన కోడ్. ఆవిడ తోటికోడలిగారి ఖాతాను అప్పటికే ఎవరో చేజిక్కించుకుని, అక్కడి నుంచి ఆ సందేశం పంపారు. పిన్నిగారి ఫోనులో రెండంచెల ధ్రువీకరణ పిన్ పెట్టించండి. ఒకరి కోడ్ ఇంకొకరి నంబరుకు పొరపాటున రావడం దాదాపు జరగదు. మీ ఫోనుకు వచ్చిన కోడ్ మీ ఖాతా గురించినదే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. "మోసగాడు" అనగానే మన పెద్దవాళ్లు తడబడుతూ మాట్లాడే మనిషిని ఊహించుకుంటారు, అందుకే మంచి తెలుగులో మర్యాదగా మాట్లాడేవాణ్ణి నమ్ముతారు. మా దూరపు బంధువు ఒకావిడకు జరిగినదాన్ని వరుసగా చెబుతాను, సుధారాణి గారు మామగారికి యథాతథంగా చదివి వినిపించవచ్చు.

ఫోను చేసిన వ్యక్తి ఆవిడ పేరు, బ్యాంకు పేరు చెప్పి, "మీ కార్డుమీద ఎవరో 48,700 రూపాయల కొనుగోలుకు ప్రయత్నిస్తున్నారు, అది మీరేనా?" అని అడిగాడు. కాదని ఆవిడ అన్నది. "అయితే దాన్ని ఆపుదాం, కంగారు పడకండి" అన్నాడు. నమ్మకం కలిగించడానికి కార్డు నంబరులో మొదటి ఆరంకెలు తానే చదివాడు. ఆవిడ కార్డు తీసి చూసుకుంటే అక్షరాలా సరిపోయాయి. ఇక్కడే ఆవిడ పూర్తిగా లొంగిపోయింది. నిజానికి ఆ మొదటి అంకెలు ఏ బ్యాంకుదో, ఏ రకం కార్డో తెలిపేవి మాత్రమే, ఆ బ్యాంకు ఇచ్చే ఆ రకం కార్డులు ఎన్నిటికో అవే ఉంటాయి. మీ బ్యాంకు పేరు తెలిసినవాడు వాటిని ఇట్టే ఊహించగలడు. తరువాత "సరిచూసుకోవడానికి" మిగతా అంకెలు, గడువు తేదీ, వెనుకనున్న మూడంకెలు ఆవిడచేతనే చెప్పించాడు.

"ఇప్పుడు మీకు రద్దు కోడ్ వస్తుంది" అన్నాడు. మాట పూర్తికాకముందే సందేశం వచ్చింది, ఎందుకంటే ఆవిడ చెప్పిన వివరాలను అతను చెల్లింపు పేజీలో నింపి అప్పుడే బొత్తాం నొక్కాడు. ఆ సందేశం ఇంచుమించు ఇలా ఉంటుంది:

```
482913 is OTP for txn of INR 48,700.00 at ONLINE STORE
on card ending 3071. Valid for 5 mins. Do not share.
```

ఇందులో ఎన్ని రూపాయలో ఉంది, ఎవరికీ చెప్పవద్దని కూడా ఉంది. అయినా ఆవిడకు అనుమానం ఎందుకు రాలేదంటే, 48,700 అన్న అంకెను అతను ముందే చెప్పి ఉంచాడు. హెచ్చరికగా కనబడవలసిన అంకె అతని మాటకు సాక్ష్యంగా మారిపోయింది. ఈ మోసంలో నాకు అన్నిటికంటే తెలివైనదిగా కనిపించే భాగం ఇదే. కోడ్‌కు కొద్ది నిమిషాలే గడువు ఉంటుంది కాబట్టి, ఆవిడ ఇంగ్లీషు సందేశాన్ని కూడబలుక్కుని చదివేలోపే "మొదటి ఆరంకెలు చాలమ్మా, ఆలస్యమైతే డబ్బు పోతుంది" అని తొందరపెట్టాడు. ఆవిడ చెప్పగానే మొదటి కొనుగోలు జరిగిపోయింది. "సర్వరు తీసుకోలేదు, మరొకటి వస్తుంది" అని రెండవది కూడా చెప్పించుకున్నాడు. మూడవది వచ్చినప్పుడు కూతురు గదిలోకి వచ్చి ఫోను లాక్కున్నది.

రద్దు చేయడానికి కోడ్ అవసరమైతే, కార్డు పోగొట్టుకున్నవాళ్లూ ఫోను పోగొట్టుకున్నవాళ్లూ తమ కార్డును ఎలా ఆపించుకుంటారు? మామగారిని ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి.

రామ్మోహన్, మారతహళ్లి

నా మొదటి మాట తప్పేనని ఒప్పుకుంటాను. కానీ ఓటీపీ చెప్పకపోతే డబ్బు పోదన్న మాటలో సగమే సరి అంటున్నారు, ఆ మిగతా సగం ఏమిటి?

వెంకటాచలం, జయనగర

కొన్ని విదేశీ వెబ్‌సైట్లలో ఓటీపీ లేకుండానే కార్డు చెల్లుతుంది, అందుకే అంతర్జాతీయ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో ఆపి ఉంచడం మంచిది. అలాగే తెరను పంచుకునే యాప్ పెట్టించినా, వాట్సాప్‌లో యాప్‌ను ఫోనులో ఎక్కించే ఏపీకే ఫైలు ఏదో పంపి సందేశాలు చదివే అనుమతి తీసుకున్నా, అడగకుండానే అతనికి కోడ్ కనబడుతుంది. నోటితో చెప్పకపోవడం ఒక్కటే చాలునని మామగారికి ధీమా కలిగించవద్దని నా మనవి.

ఇంకొక సంగతి ఉంది. ఎన్ని రూపాయలో కనబడని ఓటీపీ సందేశం మరింత ప్రమాదకరం. యాప్‌ను కొత్త ఫోనులో నమోదు చేయడానికో, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు మార్చడానికో వచ్చే సందేశంలో రూపాయల అంకె ఉండదు, కాబట్టి పెద్దవాళ్లు దాన్ని తేలికగా తీసుకుంటారు. అది చెబితే ఒక కొనుగోలు కాదు, ఖాతా మొత్తం అతని చేతికి వెళ్లవచ్చు.

భాస్కర్, యలహంక

పోయిన డబ్బు బ్యాంకు ఇస్తుందని మా స్నేహితుడు అంటున్నాడు, నిజమేనా? ఆ బంధువుగారికి వచ్చిందా?

వెంకటాచలం, జయనగర

రిజర్వు బ్యాంకు 2017 జూలై నాటి ఆదేశం ప్రకారం, తప్పు బ్యాంకుదీ ఖాతాదారుదీ కానప్పుడు మూడు పనిదినాల్లోపు తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండదు. కోడ్‌ను తానే చెప్పినప్పుడు మాత్రం, బ్యాంకుకు తెలియజేసేవరకు జరిగిన నష్టం ఖాతాదారుదే, తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. అందుకే పరువు పోతుందని సాయంత్రం వరకు దాచిపెట్టడం అన్నిటికంటే ఖరీదైన పని. ముందు కార్డు ఆపించి, వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఇంకా ఏదైనా ఖాతాలో ఉంటే దాన్ని నిలిపివేయించే అవకాశం ఉంటుంది. మా బంధువు విషయంలో ఆ రెండు కొనుగోళ్ల డబ్బు తిరిగి రాలేదు.

శేఖర్, కె.ఆర్. పురం

అడిగేవాడు తప్పకుండా మోసగాడే అంటే నేను ఒప్పుకోలేను. మా బీమా ఏజెంటు పదేళ్లుగా తెలిసిన మనిషి, పాలసీ పునరుద్ధరణకు ఫోనులోనే ఓటీపీ అడుగుతాడు. క్యాబ్ డ్రైవరుకూ చెబుతున్నాం కదా.

వెంకటాచలం, జయనగర

క్యాబ్ ఎక్కిన తరువాత, మనిషి ఎదురుగా ఉండగా చెప్పే సంఖ్య ఆ ప్రయాణాన్ని ప్రారంభించడానికి మాత్రమే పనికివస్తుంది, అది వేరు. మీ ఏజెంటు దొంగ కాకపోవచ్చు, కానీ మీరు చదవని దరఖాస్తుకు మీ సమ్మతిని తానే ఇచ్చేస్తున్నాడు. లింకు పంపమనండి, మీరే చదివి నింపండి. మీరూ నేనూ ఆ తేడా గ్రహించగలం. ఎనభై ఏళ్ల మనిషికి మినహాయింపులతో కూడిన నియమం చెబితే, ఫోను చేసినవాడు తనను మినహాయింపుగా చూపించుకుంటాడు.

శేఖర్, కె.ఆర్. పురం

ఏజెంటు విషయంలో మీ మాట ఆలోచించదగినదే గాని, దానికి మోసం అన్న పేరు పెట్టడం నాకు ఇప్పటికీ సమ్మతం కాదు.

సుధారాణి, హెబ్బాళ

కార్డు పోయినవాడి ప్రశ్న మామగారిని అడిగాను. కొంతసేపు ఆలోచించి, "అవును, ఆపడానికి కోడ్ ఎందుకు?" అన్నారు. వెంటనే మరో రెండు ప్రశ్నలు వేశారు. ఎవరూ ఫోను చేయకుండానే కోడ్ వస్తే ఏం చేయాలి? మనమే బ్యాంకుకు ఫోను చేసినప్పుడు యంత్రం ఓటీపీ నొక్కమంటే?

వెంకటాచలం, జయనగర

మొదటిదానికి: కొనుగోలు సందేశం అయితే, ఎవరి దగ్గరో కార్డు వివరాలు ఉన్నాయని అర్థం. కార్డు వెనుక ముద్రించిన నంబరుకు తానే ఫోను చేసి కార్డు మార్పించుకోవాలి, గూగుల్‌లో వెదికిన నంబరుకు కాదు. రెండవదానికి: తాను ఆ నంబరుకే చేసి ఉంటే, యంత్రం అడిగినప్పుడు అంకెలు నొక్కవచ్చు, మనిషికి చదివి వినిపించకూడదు.

అనిత, హొసకోటె

మరి "గేటు దగ్గర సెక్యూరిటీకి ఇచ్చాను, ఓటీపీ చెప్పండి" అని ఫోను చేసే డెలివరీ అబ్బాయిల సంగతి ఏమిటి? వాళ్లలో చాలామంది నిజమైనవాళ్లే. మా అపార్టుమెంటులో పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లకు ఈ ఫోన్లు ఎక్కువ.

వెంకటాచలం, జయనగర

ఇంటర్‌కామ్‌లో సెక్యూరిటీని అడిగి, పెట్టె వచ్చిందని ఖాయం చేసుకున్న తరువాత, సందేశంలో డెలివరీ అన్న మాట, తాము తెప్పించుకున్న వస్తువు పేరు ఉన్నాయో లేదో చూడాలి. చూపు ఆనని పెద్దవాళ్లకు అది సాధ్యమా అంటే నా దగ్గర మంచి జవాబు లేదు. మా బ్లాకులో అయితే అబ్బాయిని పైకి రమ్మంటున్నాం, సంఘంవాళ్లు లిఫ్టు విషయమై అభ్యంతరం చెబుతూనే ఉన్నారు.