మందు సీసా మీద తెలుగు చీటీ: "బిడి, పిసి, 5 రోజులు" అన్నదాన్ని ఎట్ట రాస్తే ఇంట్లోవాళ్ళకి అర్థమవుద్ది?

పొదిలి డీటీపీ:
అందరికీ నమస్కారం. మా షాపు పక్కనే మందుల షాపు ఉంది. ఆ అన్న సీసాల మీద అంటించే తెలుగు స్టిక్కర్లు కొట్టిమ్మన్నాడు, డాక్టర్ రాసిన చీటీని ఆయన తన చేత్తో మళ్ళీ తిరగరాసి నాకిచ్చాడు, అందులో ఉన్నది ఉన్నట్టు ఇది: "అమాక్సీ క్లావ్ డ్రై సిరప్ 228.5, 5 ఎంఎల్, బిడి, పిసి, 5 రోజులు, 30 ఎంఎల్ సీసాలు 2". పిల్లోడికి రెండేళ్ళు, 12 కిలోలు. నేను రాసింది ఇది, సరిగ్గా ఉందో లేదో చెప్పండి:
"మోతాదు 5 మి.లీ. దినమునకు రెండు పర్యాయములు భోజనానంతరము 5 దినములు సేవించవలెను. చల్లని పొడి ప్రదేశమున నిల్వ ఉంచవలెను."

ఒంగోలు మాస్టారు:
అబ్బాయ్, భాష శుద్ధంగానే ఉంది గానీ ఇది మందు సీసా మీద, శాసనం మీద కాదు. "పర్యాయములు", "సేవించవలెను" తీసెయ్. "రోజుకు రెండు పూటలా భోజనం తర్వాత తాగించండి" అంటే చాలు. అట్టాగే "సీసా అయిపోయేదాకా వాడండి" అని తప్పకుండా పెట్టు, యాంటీబయాటిక్ సగంలో ఆపకూడదు, జ్వరం తగ్గంగానే ఆపేస్తారు మనోళ్ళు.

కందుకూరు ఫార్మసీ:
మాస్టారూ, సగంలో ఆపొద్దన్నది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ "సీసా అయిపోయేదాకా" అన్న మాట మాత్రం ఈ చీటీకి పనికిరాదండి, లెక్క చూడండి. పూటకి 5, రోజుకి 10, ఐదు రోజులకి 50 ఎంఎల్. సీసాలు రెండు, అంటే 60. డాక్టర్ చెప్పింది 50, సీసాలు అయ్యేదాకా అంటే ఆరు రోజులు తాగిస్తారు. వేరే మందుకైతే ఒక సీసాలోనే పది రోజులకి సరిపడా ఉండొచ్చు. కాబట్టి ఎప్పుడు ఆపాలో సీసా చెప్పకూడదు, చీటీ చెప్పాలి.

ఇంకోటి, "5 రోజులు" అన్నదాంట్లోనే చిన్న చిక్కు. సోమవారం రాత్రి షాపులో కొని అప్పుడే మొదలుపెట్టారనుకోండి, శుక్రవారం రాత్రికి ఐదు రోజులైపోయాయని ఆపేస్తారు, అప్పటికి పడింది తొమ్మిది సార్లే. శనివారం పొద్దున ఇంకోసారి పడాలి. అందుకే "మొత్తం 10 సార్లు" అని రాసి, కింద పది చిన్న గళ్ళు గీయించండి, తాగించినప్పుడల్లా ఒక గడి కొట్టేసుకుంటారు. చదువు రాని అవ్వకి కూడా గళ్ళు అర్థమవుతాయి.

పొదిలి డీటీపీ:
గళ్ళు బాగుంది అన్నా, స్టిక్కర్లో పడతాయి. మరి "రెండు పూటలా" ఓకేనా?

నెల్లూరు అక్క:
పూట అంటే మా ఇంట్లో భోజనమే, మూడు పూటలా అంటే మూడు భోజనాలు. రెండు పూటలా అంటే ఏ రెండు పూటలో చెప్పలేదుగా? మా అత్తమ్మ అయితే మధ్యాన్నం అన్నం, రాత్రి అన్నం అనుకుంటది, ఎందుకంటే పొద్దున తినేది ఇడ్లీ దోసె, అది ఆమె లెక్కలో భోజనం కాదు. "భోజనం తర్వాత" అని ఉంటే పొద్దున మందు పడదు, మధ్యాన్నం ఒంటిగంటకి, రాత్రి ఎనిమిదికి పడుద్ది. ఏడు గంటలే తేడా. అటు మళ్ళీ మర్నాటి మధ్యాన్నం దాకా పదిహేడు గంటలు ఖాళీ.

కందుకూరు ఫార్మసీ:
అక్క చెప్పింది బంగారం. బిడి అంటే రోజుకి రెండుసార్లు అని అర్థం, కానీ ఆ రెండూ దాదాపు పన్నెండు గంటల ఎడంతో పడాలి. నేనైతే "పొద్దున 8కి, రాత్రి 8కి" అని గడియారం టైమే రాస్తా, ఓ గంట అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. పిసి అంటే ఈ మందుకి కడుపులో తిప్పకుండా, విరేచనాలు తగ్గడానికి ఏదన్నా తిన్నాక ఇవ్వడం. అందుకని "భోజనం" వద్దు, "ఏదన్నా తినిపించిన వెంటనే" అనండి. ఇడ్లీ అయినా, పాలన్నం అయినా, బిస్కెట్ అయినా సరిపోద్ది. "తర్వాత" అని మాత్రం వదిలేయొద్దు, కొంతమంది గంట ఆగుతారు, ఈ మందు తిండితోపాటే లోపలికి పోతే మంచిది.

ఒంగోలు మాస్టారు:
సరే ఒప్పుకుంటున్నా. రాత్రికి "మాపటేళ" అనే మాట వాడితే మన వైపు బాగా అతుకుద్ది కదా?

నెల్లూరు అక్క:
వద్దు మాస్టారూ. మా ఊర్లో మాపటేళ అంటే సాయంత్రం పొద్దు గూకేముందు, మా మేనమామ ఊర్లో రాత్రి. గడియారమే మేలు.

కొండపి అబ్బాయి:
మా అమ్మకి థైరాయిడ్ బిళ్ళ పరగడుపున అని రాశారు, ఆమె కాఫీ తాగి వేసుకుంటుంది, కాఫీ అన్నం కాదుగా అంటుంది. దానికి ఎట్ట రాయాలి?

కందుకూరు ఫార్మసీ:
అది వేరే మందు తమ్ముడూ, ఈ సిరప్‌తో కలపబాకండి. థైరాయిడ్ బిళ్ళకి "లేవగానే మంచినీళ్ళతో, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా కాఫీ, టీ, పాలు, టిఫిన్ ఏదీ వద్దు" అని పూర్తిగా రాయాలి. పరగడుపు అనే మాటకి మనుషులు ఎవరికి తోచిన హద్దు వాళ్ళు పెట్టుకుంటారు, కాఫీని పేరుపెట్టి రాయకపోతే మీ అమ్మ లాగే అనుకుంటారు.

పొదిలి డీటీపీ:
ఇప్పుడు అసలు నా డౌటు నిల్వ గురించి. "చల్లని పొడి ప్రదేశం" అని డబ్బా మీదే ఉంది, నేను అదే ఎక్కించా.

కందుకూరు ఫార్మసీ:
డబ్బా మీద ఉన్న మాట నీళ్ళు కలపని పొడికి. పొడికి తేమ తగలకూడదు కాబట్టి చల్లని పొడి చోటు కరెక్టే. నీళ్ళు కలిపిన నిమిషం నుంచి అది వేరే సరుకు. ఈ మందులో క్లావులనేట్ అనేది ఉంటది, అది నీళ్ళల్లో వేడికి తొందరగా చెడిపోద్ది, అందుకే కలిపాక ఫ్రిజ్‌లోనే పెట్టాలి. "చల్లని చోట" అని రాస్తే ఒకాయన బీరువాలో పెడతాడు, ఇంకొకామె ఎంత చల్లగా ఉంటే అంత మంచిదని ఐసు గడ్డకట్టే పైగూట్లో పెడద్ది, అది కూడా తప్పే. "ఫ్రిజ్ తలుపులో కాదు, లోపలి అరలో. ఐసు గూట్లో పెట్టొద్దు" అని రాయండి. తలుపు మాటిమాటికి తెరుస్తుంటాం కాబట్టి అక్కడ చల్లదనం నిలవదు.

కలిపిన తర్వాత ఏడు రోజులకి మించి వాడకూడదు, అయితే కంపెనీ కంపెనీకి కొంచెం మారుద్ది, డబ్బా చూసి ఆ లెక్కే వేయండి. అదీ "7 రోజుల్లో వాడండి" అని కాకుండా "ఈ తేదీ తర్వాత పారేయండి" అని ఖాళీ గీత వదలండి, మేము పెన్నుతో నింపుతాం. రంగు గోధుమగా మారినట్టు కనిపిస్తే తేదీ లోపల ఉన్నా తాగించకూడదు.

ఇంకో ముఖ్యమైన విషయం, రెండు సీసాలిస్తే ఇంటికి పోయి రెండూ ఒకేసారి కలిపేస్తారు, పనైపోద్దని. మొదటి సీసా 6 సార్లకి వస్తది, అంటే మూడు రోజులు. సోమవారం రాత్రి మొదలైతే గురువారం పొద్దుటికి అయిపోద్ది, గురువారం రాత్రి రెండోది కలపాలి. ముందే కలిపితే రెండోది ఊరికే మూడు రోజులు పాతబడుద్ది, ఒకవేళ డాక్టర్ మధ్యలో మందు మార్చినా ఆ సీసా ఇక వేస్టే.

ఒంగోలు మాస్టారు:
కలపడం గురించి రాయొద్దా? మా మనవడికి కొళాయి నీళ్ళు పోసి కలిపింది మా కోడలు, గీత పైకి కూడా పోసింది.

కందుకూరు ఫార్మసీ:
రాయాలి మాస్టారూ. డబ్బాలో నీళ్ళ గొట్టం ఉంటే అదే, లేకపోతే మరిగించి పూర్తిగా చల్లార్చిన నీళ్ళు. ముందు పొడిని తట్టి వదులుచేసి, గీతకి కాస్త కింద దాకా నీళ్ళు పోసి ఊపాలి, నురగ తగ్గేదాకా ఆగాలి, ఆ తర్వాత సరిగ్గా గీత దాకా పోయాలి. ఒకేసారి గీతదాకా పోసి ఊపితే పొడి కరిగి, నురగ తగ్గేసరికి మట్టం కిందకి దిగుద్ది, అప్పుడు మందు చిక్కనవుద్ది. గీత దాటితే పలచన. రెండిట్లోనూ 5 ఎంఎల్ అన్నది 5 ఎంఎల్ బలం కాకుండా పోయినట్టే. మొదటి సీసా మేమే కలిపిస్తాం, చీటీలో రెండోదాని గురించి రాస్తే చాలు.

నెల్లూరు అక్క:
"5 మి.లీ." అంటే మా వదిన ఒక చెంచా పోస్తది. చెంచాలు ఎన్ని సైజులుంటాయో చెప్పలేం, మా ఇంట్లో పాయసం చెంచా అయితే దానికి డబుల్ పడుద్ది.

కందుకూరు ఫార్మసీ:
అందుకే చెంచా, స్పూను అనే మాటలే స్టిక్కర్లో ఉండకూడదు. "డబ్బాలో వచ్చిన మూతలో 5 గీత దాకా" అని రాయండి. మూతని బల్ల మీద పెట్టి, వంగి చూసి పోయాలి. ఇంకా "బాగా కదిలించి" కాదు, "అడుగున మడ్డి పూర్తిగా కలిసేదాకా ఊపి" అనండి. ఊపకుండా పోస్తే మొదటి రోజులు నీళ్ళలా, చివరి రోజులు చిక్కగా పడుద్ది.

పొదిలి డీటీపీ:
ఇప్పుడు ఇట్ట వచ్చింది, చూడండి:

"అమాక్సీ క్లావ్ సిరప్ 228.5
ప్రతిసారీ సీసా అడుగున మడ్డి కలిసేదాకా ఊపండి.
మూతలో 5 గీత దాకా పోసి తాగించండి.
పొద్దున 8కి, రాత్రి 8కి. ఏదన్నా తినిపించిన వెంటనే.
మొత్తం 10 సార్లు. జ్వరం తగ్గినా ఆపొద్దు. పదిసార్లు అయ్యాక మిగిలితే పారేయండి.
☐☐☐☐☐ ☐☐☐☐☐
ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి. ఐసు గూట్లో వద్దు.
మొదటి సీసా కలిపిన తేదీ ____. ____ తర్వాత వాడొద్దు.
రెండో సీసాలో నీళ్ళు ఇప్పుడు కలపొద్దు. మొదటిది అయ్యాక, డబ్బాలో నీళ్ళు గానీ మరిగించి చల్లార్చిన నీళ్ళు గానీ గీతకి కాస్త కింద దాకా పోసి ఊపండి, నురగ తగ్గాక సరిగ్గా గీత దాకా పోయండి.
ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆపి డాక్టర్‌కి చూపించండి."

ఒంగోలు మాస్టారు:
చదివితే నోటితో చెప్తున్నట్టే ఉంది. "పారేయండి" అని రాయడం మాత్రం నాకు ఇంకా మనసొప్పట్లేదు, డబ్బు పెట్టి కొన్న మందు కదా, "ఇంకొకరికి ఇవ్వొద్దు" అని కూడా పెడితే బాగుంటుందేమో.

కందుకూరు ఫార్మసీ:
పెట్టండి మాస్టారూ, అది ఉండాల్సిందే. పక్కింటి పిల్లోడికి జలుబు అని ఇచ్చేస్తారు, వాడి బరువు వేరు, రోగం వేరు.

కొండపి అబ్బాయి:
మా వీధిలో ఫ్రిజ్ లేని ఇళ్ళు ఉన్నాయి. కొత్త కుండలో నీళ్ళు పోసి అందులో సీసా నిలబెడితే చాలదా?

కందుకూరు ఫార్మసీ:
కుండలో కొంత చల్లగా ఉంటది గానీ ఫ్రిజ్ అంత చల్లదనం రాదు, మన ఎండాకాలంలో అసలు నమ్మలేం. స్టిక్కర్ మీద కుండ అని నేను రాయను. కొనేటప్పుడే "ఇంట్లో ఫ్రిజ్ లేదు" అని చెప్తే, డాక్టర్‌ని అడిగి నీళ్ళు కలపక్కర్లేని రూపం గానీ వేరే మందు గానీ దొరుకుద్దేమో చూస్తాం.

నెల్లూరు అక్క:
అడక్కుండా వాళ్ళెట్ట చెప్తారు? సిగ్గుపడి ఊరుకుంటారు. పక్కింటి ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పేవాళ్ళు కూడా ఉంటారు, రాత్రి ఎనిమిదికి తలుపు కొట్టాలిగా. స్టిక్కర్ ఇచ్చేముందు షాపులోనే ఆ ప్రశ్న అడగాలి, అది స్టిక్కర్‌తో తీరేది కాదు.

పొదిలి డీటీపీ:
షాపాయనకి ఈ మాట చెప్తా. దద్దుర్ల లైను కింద ఒక్క లైనుకి చోటుంది, "ఇంకొకరికి ఇవ్వొద్దు" పెట్టాలా, "ఫ్రిజ్ లేకపోతే ముందే చెప్పండి" పెట్టాలా, అక్షరం ఇంకా చిన్నది చేస్తే అవ్వలకి కనిపించదు. మీరేమంటారు?