ఎస్‌జీఓటీ 142, ఎస్‌జీపీటీ 61: మందు ముట్టనివాడికి ఇలా వస్తుందా?

ఉండి రొయ్యలు: వయసు 39. టర్మ్ పాలసీ కోసం ఇంటికి మనిషిని పంపి రక్తం తీయించారు. లివర్ టెస్టుల్లో ఎస్‌జీఓటీ 142, ఎస్‌జీపీటీ 61 వచ్చాయి, రెండూ 40 లోపు ఉండాలట. బిలిరుబిన్ 0.7. నేను మందు ముట్టను, ఇంట్లో మాత్రం అందరూ అదోలా చూస్తున్నారు. దీనికి టెన్షన్ పడాలా?

గోదారి గట్టు: ఓటీ అనేది పీటీకి రెండింతలు దాటిందంటే అది మందే. ఇందులో చర్చేముంది? ముట్టను అని అందరూ అంటారు.

లంక గాలి: నేల ఉసిరి నూరి పరగడుపున మజ్జిగలో తాగండి. వారంలో దిగుతుంది.

తణుకు కోడలు: నాకూ ఇలాగే వచ్చిందండీ, పీటీ 78, ఓటీ 46. స్కాన్ తీస్తే ఫ్యాటీ లివర్ అన్నారు, షుగర్ కూడా బయటపడింది. రాత్రి అన్నం తగ్గించి, నడక మొదలుపెట్టి బరువు తగ్గాక రెండూ నార్మల్‌కి వచ్చాయి. మీదీ అదే అయ్యుంటుంది, కంగారు పడకండి.

పాత ల్యాబ్ మనిషి: కోడలు గారూ, మీది పీటీ ఎక్కువ, ఓటీ తక్కువ. ఫ్యాటీ లివర్లో మామూలుగా కనిపించేది అదే. ఈయనది తలకిందులుగా ఉంది. గట్టు గారు చెప్పిన రెండింతల లెక్క ఉన్నమాట నిజమే, కానీ ఆ ఎంజైము లివర్ నుంచే వచ్చిందని తేలాక వేయాల్సిన లెక్క అది. పీటీ చాలావరకు లివర్‌దే. ఓటీ అలా కాదు, కండరంలో ఉంటుంది, గుండెలో ఉంటుంది, ఎర్ర రక్తకణాల్లోనూ ఉంటుంది. రొయ్యలు గారూ, రక్తం తీసే ముందు వారంలో బరువు పని ఏమైనా చేశారా? కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్నారా? జీజీటీ అని ఇంకో లివర్ ఎంజైము ఉంటుంది, అదీ ప్లేట్‌లెట్లూ ఎంత? రిపోర్టు అడుగున శాంపిల్ హీమోలైజ్ అయిందని ఏమైనా రాశారా? ఇళ్లకొచ్చి తీసిన రక్తం ఒక్కోసారి ఎండలో బండి మీద ఊళ్లు తిరిగి ల్యాబ్ చేరేసరికి కణాలు పగిలిపోతాయి, దాంతో కూడా ఓటీ పెరుగుతుంది.

ఉండి రొయ్యలు: రాయలేదండీ. మాత్రలు ఏమీ లేవు. జీజీటీ 24, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు. బరువు పని అంటే, రక్తం తీయడానికి రెండు రోజుల ముందే మా చెరువు పట్టుబడి అయింది. కూలీలు తక్కువ రావడంతో వల లాగడం దగ్గర్నుంచి ట్రేలు లారీకెత్తడం దాకా నేనూ దిగాను, చాన్నాళ్ల తర్వాత. మర్నాటికి తొడలు పట్టేసి మెట్లెక్కలేకపోయాను. దానికీ లివర్‌కీ ఏం సంబంధం?

పాత ల్యాబ్ మనిషి: లివర్‌కి సంబంధం లేకపోవచ్చు, అదే నేనంటున్నది. అలవాటు లేని ఒళ్లు ఒక్కసారి అంత పనిచేస్తే కండరం దెబ్బతిని అందులోని ఓటీ రక్తంలోకి వస్తుంది, దానితోపాటు కాస్త పీటీ కూడా. సీకే అని ఒక టెస్టు ఉంది, కండరం సంగతి అదే చెబుతుంది. ఆ రోజు తీసిన రక్తం ఇంకా ల్యాబ్ ఫ్రిజ్‌లో ఉంటే అందులోనే చేయించుకోండి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి, అది కండరం వల్లయినా కిడ్నీలకు ప్రమాదమే, లివర్ వల్లయినా మంచిది కాదు. ఈలోగా నేల ఉసిరీ వద్దు, ఏ పసరూ వద్దు. దిగితే దేనివల్ల దిగిందో తెలియకుండా పోతుంది. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబై డాక్టర్లు 2021లో ప్రచురించారు కూడా.

లంక గాలి: దాన్ని ఆయుష్ శాఖ ఖండించింది. అది ఎవరూ చెప్పరు.

లెక్కల మాస్టారు: కండరం కథలు వినడానికి బాగానే ఉన్నాయి. నేను ఫిబ్-4 లెక్క వేశాను. వయసుని ఓటీతో హెచ్చించి, వేలల్లో తీసుకున్న ప్లేట్‌లెట్లతోనూ పీటీ వర్గమూలంతోనూ భాగిస్తే 2.95 వచ్చింది. 2.67 దాటితే లివర్ బాగా గట్టిపడి ఉండే అవకాశం ఎక్కువ. వెంటనే ఫైబ్రోస్కాన్ చేయించుకోవాలి.

పాత ల్యాబ్ మనిషి: మాస్టారూ, లెక్క తప్పు కాదు, అందులో వేసిన అంకె లివర్‌ది కాదేమో. ఓటీని పైన పెట్టి హెచ్చిస్తున్నారు కదా, అది తొడల్లోంచి వచ్చి ఉంటే మీ 2.95కి అర్థమే లేదు.

గోదారి గట్టు: అందరూ కలిసి ఒక మనిషిని వెనకేసుకొస్తున్నారు. మా అన్నయ్య కూడా ముట్టనన్నాడు. మా వదిన దేవుడి పటం ముందు ప్రమాణం చేయించింది, చేశాడు. రిపోర్టులో ఓటీ 44, పీటీ 29. చూసిన డాక్టరు బాగానే ఉందన్నారు. నాలుగు నెలలకి పొట్టలో నీళ్లు చేరాయి, తర్వాత రక్తం కక్కుకుని పోయాడు. మీకు అంకెలు కావాలి, నాకు మనిషి నిజం చెప్పాడా లేదా అన్నదే కావాలి.

తణుకు కోడలు: అయ్యో, మీ బాధ అర్థమైంది గట్టు గారూ. అలాగని ఈయన్ని దొంగని చేయడం ఏం న్యాయం?

పాత ల్యాబ్ మనిషి: గట్టు గారూ, మీ అన్నయ్య గారి రిపోర్టులో ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో గుర్తుందా?

గోదారి గట్టు: 78 వేలు. డెంగ్యూ ఏమో అన్నారు.

పాత ల్యాబ్ మనిషి: అక్కడే పోయిందండీ. ఈ రెండు ఎంజైములూ లివర్ ఎంత మిగిలిందో చెప్పవు, ఇప్పుడు కణాలు ఎంత పగులుతున్నాయో మాత్రమే చెబుతాయి. రొయ్యలన్నీ పోయిన చెరువులో వల వేస్తే ఏం పడుతుంది? సిర్రోసిస్‌లో రెండూ నార్మల్‌గా కూడా ఉండొచ్చు. అప్పుడు చూడాల్సింది ప్లేట్‌లెట్లు, అల్బుమిన్, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే ఐఎన్ఆర్. బిలిరుబిన్, ఐఎన్ఆర్ పెరుగుతున్నాయన్నా, మొదటి రెండూ పడిపోతున్నాయన్నా భయపడాలి, ఓటీ 50 ఉన్నా సరే. ఓటీ, పీటీ వేలల్లోకి వెళితే ఆ రోజే ఆస్పత్రి, కామెర్ల వైరస్ కావచ్చు, పారాసెటమాల్ ఎక్కువ మింగినా అంతే. ఈయనకి ఆ గుర్తులేవీ లేవు.

ఉండి రొయ్యలు: అందరికీ నమస్కారం. పాత శాంపిల్ పారబోశారట. పట్టుబడి అయ్యాక రెండు వారాలకు మళ్లీ ఇచ్చాను, మధ్యలో బరువు ముట్టలేదు. ఓటీ 36, పీటీ 44, సీకే 160. హెపటైటిస్ బి, సి నెగెటివ్.

గోదారి గట్టు: సీకే నార్మల్! మరి కండరం కథ ఎక్కడికి పోయింది? రెండు వారాలు మందు మానేసినా ఓటీ దిగుతుంది.

పాత ల్యాబ్ మనిషి: సీకే అప్పుడు చేసుంటే తెలిసేది, ఇంతకాలం నిలిచి ఉండదు, కాబట్టి ఇప్పటి 160 ఎటూ చెప్పదు. ఓటీ రక్తంలో సగానికి తగ్గడానికి ఒక్క రోజు కూడా పట్టదు, పీటీకి దాదాపు రెండు రోజులు. ముందు ఓటీ దిగి పీటీ వెనకబడటం అందుకే. కానీ మందు మానినా అలాగే దిగొచ్చన్న మాట కాదనను. నాకు మందు కాదనిపించేది మొదటి రిపోర్టులోని 24 జీజీటీ వల్ల. రోజూ బాగా తాగేవాళ్లలో చాలామందికి అది పెరిగి ఉంటుంది, అందరికీ కాదు.

లెక్కల మాస్టారు: కొత్త అంకెలతో ఫిబ్-4 0.88. 1.3 లోపే. ఫైబ్రోస్కాన్ మాట వెనక్కి. పీటీ మాత్రం ఇంకా 44 ఉంది సుమా.

ఉండి రొయ్యలు: నాకు పొట్ట ఉందండీ, స్కాన్ చేయించుకుంటాను. పాలసీ వాళ్లు మాత్రం మూడు నెలలాగి మళ్లీ టెస్టు అంటున్నారు. సరిగ్గా రెండో చెరువు పట్టుబడి అప్పుడే పడుతుంది.

పాత ల్యాబ్ మనిషి: రక్తం ఇచ్చాకే చెరువులో దిగండి.

గోదారి గట్టు: చెరువులో దిగకుండా మళ్లీ వంద దాటితే అప్పుడు మాట్లాడదాం.